సొలానా అమ్మాలా, బావ చార్టు వినాలా?

నమస్కారం మేడమ్. మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. ఏడాది కిందట చిట్టీ పాడుకున్న లక్షన్నర క్రిప్టోలో పెట్టాను. అప్పటినుంచి నెలకి 5 వేలు వేస్తున్నాను. బిట్‌కాయిన్ 60 శాతం, ఇథీరియం 30, సొలానా 10 అని పెట్టుకున్నాను. మొత్తం పెట్టింది 2,10,000, ఇప్పుడు విలువ 2,40,000. కానీ సొలానా ఒక్కటే రెట్టింపై, 10 శాతం ఉండాల్సింది పదిహేడున్నర అయింది. మొదట్లో నెలనెలా వాటాలు సరిచేద్దామనుకుని, రెండు నెలలు చేసి మానేశాను.

విజయనగరంలో ఉండే మా బావ చార్టులు చూస్తాడు. ఆయన మాట మీద విడిగా 80 వేలు పెట్టి, సిగ్నల్ వచ్చినప్పుడల్లా కొని అమ్ముతున్నాను. ఎనిమిది నెలల్లో 11 సార్లు చేశాను. నాలుగింట్లో కలిపి 31 వేలు లాభం, ఏడింట్లో కలిపి 24 వేలు నష్టం. ఫీజు ఒక్కో వైపు 0.2 శాతం, అది ఇందులో కలపలేదు. మొత్తమ్మీద 7 వేలు మిగిలింది కాబట్టి ఆ 2,40,000 కూడా సిగ్నల్స్ మీదే నడుపుదాం, సొలానా ఇప్పుడు అమ్మొద్దు, ఇంకా పెరుగుతుంది అంటాడు. రాత్రి రెండింటికి కూడా ఫోన్ చూస్తున్నానని మా ఆవిడ గొడవ. తేదీ ప్రకారం వాటాలు సరిచేసే షెడ్యూల్ మంచిదా, బావ చార్టు మంచిదా? టెన్షన్ తట్టుకోలేకపోతున్నాను.
– పలాస పాఠకుడు

మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి కబుర్లు పక్కనపెట్టి ముందు ఆ 80 వేల ఖాతా తెరుద్దాం. మీరు 7 వేలు మిగిలిందన్నారు. నా లెక్కలో మీకు దాదాపు 6,800 పోయింది.

ఎలాగంటే, 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను. సెస్సు కలిపితే 31.2. మీ జీతం ఏ శ్లాబులో ఉన్నా ఇది మారదు. ఇదందరికీ తెలుసు. తెలిసినా మనసులో సరిగ్గా దిగనిది దీని పక్కనున్న రెండో మాట: ఒక ట్రేడులో వచ్చిన నష్టాన్ని ఇంకో ట్రేడు లాభంలోంచి తీసేయడానికి వీల్లేదు. వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. షేర్లలో నష్టాన్ని లాభంతో సర్దుకునే దారి ఉంది. ఇక్కడ లేదు. అంటే ప్రభుత్వం దృష్టిలో మీకు వచ్చింది 7 వేలు కాదు, 31 వేలు. దాని మీద పన్ను 9,672. మీ 24 వేల నష్టం మీదే, అందులో ఎవరూ వాటా పంచుకోరు. 7 వేలలోంచి 9,672 తీస్తే అప్పుడే 2,672 మైనస్.

ఇక ఫీజు. 0.2 శాతం అంటే ఏమీ లేనట్టే ఉంటుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి, 80 వేలకి ఒక్కోసారి 189 రూపాయలు. 11 సార్లు కొన్నారు, 11 సార్లు అమ్మారు. 22 సార్లకి 4,150 పైన. పన్ను లెక్కలో కాయిన్ కొన్న ఖరీదు తప్ప ఇంకే ఖర్చునీ తీసుకోనివ్వరు కాబట్టి అమ్మేటప్పుడు కట్టిన ఫీజు లాభంలోంచి తగ్గదు. రెండూ కలిపితే 6,800 నష్టం తేలింది కదా.

దీన్ని ఇంకోలా చూడండి. ఈ పన్ను కింద వంద రూపాయలు పోగొట్టుకున్నవాడు సమానంగా నిలబడాలంటే గెలిచిన ట్రేడుల్లో 145 రావాలి, ఎందుకంటే ఆ 145లో చేతికి మిగిలేది వందే. మీ 24 వేల నష్టానికీ ఫీజుకీ సరిపోవాలంటే మీ నాలుగు మంచి ట్రేడులూ కలిపి దాదాపు 41 వేలు తేవాలి. మీ బావ చార్టు తెచ్చింది 31. ఆయన చార్టు చెడ్డదని నేననడం లేదు. మామూలు మార్కెట్లో అదొక మోస్తరు ఫలితమే. కానీ ఎక్కువసార్లు కొంచెం కొంచెం ఓడి, తక్కువసార్లు పెద్దగా గెలిచే పద్ధతికి ఈ పన్ను నియమం కంటే పెద్ద శత్రువు లేదు. ట్రెండును పట్టుకునే సిగ్నల్స్ దాదాపు అన్నీ ఆ కోవలోవే.

ఒక శాతం టీడీఎస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2022 జూలై నుంచి ప్రతి అమ్మకంలో మొత్తం విలువ మీద ఒక శాతం ఎక్స్ఛేంజ్ కోసేస్తోంది. లాభమా నష్టమా అని చూడదు. మీరు 11 సార్లలో 8,80,000 విలువ అమ్మారు కాబట్టి 8,800 కోత పడి ఉంటుంది. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేసేటప్పుడు మీ 9,672 పన్నులో జమ అవుతుంది. కానీ ఈలోగా మీ పెట్టుబడి కరుగుతూ వస్తుంది. జేబులోంచి తెచ్చి కలపకపోతే, ధర అసలు కదలకపోయినా 80 వేలు 11 అమ్మకాల తర్వాత 71,600కి వస్తుంది. చాలామంది ఈ తగ్గుదలను చూసి మార్కెట్‌ను తిట్టుకుంటారు.

ఇప్పుడు సిగ్నల్స్ విషయం. మీ బావ ఏం వాడతాడో మీరు రాయలేదు. 50 రోజుల సగటు, 200 రోజుల సగటు ఒకదాన్నొకటి దాటడం, ధర ఎంత జోరుగా కదిలిందో సున్నా నుంచి వంద లోపు చూపే ఆర్‌ఎస్‌ఐ అంకె 70 దాటితే అమ్మడం, 30 దిగితే కొనడం, సాధారణంగా ఇవే. వీటిలో మొదటిదానికి ఇవ్వాల్సిన మర్యాద ఇస్తాను. 2022 జనవరిలో బిట్‌కాయిన్ 50 రోజుల సగటు 200 రోజుల సగటు కిందికి దిగింది. అప్పుడు ధర 40 వేల డాలర్ల పైన ఉంది. అదే ఏడాది నవంబరుకి 16 వేల దగ్గరికి పడింది. ఆ రోజు అమ్మినవాడు సగానికి పైగా కాపాడుకున్నాడు.

కానీ అదే సిగ్నల్ దానికి ఏడు నెలల ముందు, 2021 జూన్‌లో కూడా వచ్చింది. ధర అప్పుడు 35 వేల డాలర్ల చుట్టుపక్కల. ఒక నెల పాటు కిందా మీదా పడి, ధర మళ్లీ లేచింది. సెప్టెంబరులో 'ఇప్పుడు కొనొచ్చు' అని ఎదురు సిగ్నల్ వచ్చేసరికి 47, 48 వేలు. 35లో అమ్మి 48లో కొన్నారన్నమాట. ఆ జూన్‌లో అమ్మినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి 30 శాతం పన్ను రాలేదు కాబట్టి బతికిపోయాను.

2025 ఏప్రిల్‌లోనూ అదే జరిగింది. అమ్మమని సగటు చెప్పింది, ధర దాదాపు అడుగున ఉంది, ఆ జూలైలోనే లక్షా 20 వేల డాలర్లు దాటింది. 200 రోజుల సగటు అంటే గడిచిన ఆరున్నర నెలల సంగతి. అది ముందున్నదాన్ని చూపించదు, వెనకది ఆలస్యంగా ఒప్పుకుంటుంది. ధర ఒకే దిశలో ఏడాది నడిస్తే మేలు చేస్తుంది, అటూ ఇటూ ఊగితే రెండు వైపులా కోస్తుంది. ఏది నడక, ఏది ఊపు అని ఆ రోజున చెప్పగలిగినవాడిని నేను చూడలేదు. ఆర్‌ఎస్‌ఐదీ అంతే. గట్టి ర్యాలీలో అది 70 పైన వారాల తరబడి కూర్చుంటుంది. మొదటి రోజే అమ్మేసినవాడు మిగతా ర్యాలీ అంతా పక్కన నిలబడి చూస్తాడు.

షెడ్యూల్‌లోనూ దోషాలున్నాయి, అవి కూడా విని నిర్ణయించుకోండి. వాటాలు సరిచేయడమంటే పెరిగినదాన్ని కోసి పెరగనిదానికి పెట్టడం. సొలానా రేపు ఇంకో రెట్టింపు అయితే 'అనవసరంగా అమ్మానే' అనుకుంటారు. ఇంకో చిక్కు, బిట్‌కాయిన్ పడితే మిగతా రెండూ పడతాయి, ఇంకా ఎక్కువ పడతాయి. 2021 నవంబరు శిఖరం నుంచి 2022లో బిట్‌కాయిన్ మూడొంతులకు పైగా పోగొట్టుకుంది. ఇథీరియం 80 శాతం దాటి పడింది. సొలానా అయితే 260 డాలర్ల నుంచి 10 డాలర్ల కిందికి, అంటే 95 శాతం పైన. 60-30-10 అని ఎంత శ్రద్ధగా సర్దినా ఆ ఏడాది మిమ్మల్ని కాపాడేది కాదు. పడే సొలానాకి ప్రతి నెలా మిగతా వాటిలోంచి డబ్బు తీసి పోసేది. సొలానా తర్వాత లేచింది. అదే ఏడాది మే నెలలో కుప్పకూలిన లూనా అనే కాయిన్ లేవలేదు. పడుతున్నప్పుడు రెండూ ఒకలాగే కనిపించాయి. అందుకే ఒక కాయిన్‌కి ఏడాదిలో కొత్తగా పోసే డబ్బుకి హద్దు రాసుకోండి. సొలానాకైతే ఏడాదికి 6 వేలు, అంతే. వాటా ఎంత తగ్గినా దాటొద్దు.

పడుతున్న మార్కెట్లో ఇంకో గొయ్యి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. మూడూ పడినప్పుడు బిట్‌కాయిన్ తక్కువ పడుతుంది కాబట్టి దాని వాటా 60 దాటిపోతుంది. షెడ్యూల్ ప్రకారం బిట్‌కాయిన్ అమ్మి ఇథీరియం కొనాలి. 20 వేలకి కొన్న బిట్‌కాయిన్ ముక్క ఇప్పుడు 12 వేలు అనుకోండి. అమ్మారు. ఆ 8 వేల నష్టం పన్ను లెక్కలో గాలిలో కలిసిపోయింది. ఆ 12 వేలతో కొన్న ఇథీరియం తిరిగి 20 వేలకి లేచింది, అమ్మారు. మీ చేతిలో మొదట పెట్టిన 20 వేలే ఉన్నాయి, పైసా లాభం లేదు. అయినా 8 వేల 'లాభం' మీద 2,496 పన్ను కట్టాలి. కాబట్టి కొన్న ధర కంటే కింద ఉన్న కాయిన్‌ని వాటా సరిచేయడం కోసం అమ్మొద్దు. అలాంటప్పుడు నెలనెలా వేసే 5 వేలతోనే సరిచేయాలి.

ఇప్పుడు మీ సొలానా. మొత్తం 2,40,000లో అది 42 వేలు. కొన్నది 21 వేలకి. లెక్క ప్రకారం ఉండాల్సింది 24 వేలు, అంటే 18 వేలు ఎక్కువ. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, ఆ 18 వేలు ఒకేసారి అమ్మేసి, 12 వేలు బిట్‌కాయిన్‌లో, 6 వేలు ఇథీరియంలో పెట్టడం. వాటాలు ఆ రోజే కచ్చితంగా కుదిరిపోతాయి. సగం ధరకి కొన్నారు కాబట్టి లాభం 9 వేలు, పన్ను 2,808. ఇందులో 180 టీడీఎస్‌గా అప్పుడే పోతుంది, మిగతా 2,628 విడిగా తీసిపెట్టుకోవాలి. తీసిపెట్టకుండా మొత్తం కాయిన్లు కొనేసి, రిటర్న్ వేసే రోజున పన్ను కట్టడానికి మళ్లీ కాయిన్లు అమ్మి, దాని మీద మళ్లీ పన్ను పడినవాళ్లున్నారు. అన్నట్టు, సొలానాని రూపాయిల్లోకి మార్చకుండా నేరుగా బిట్‌కాయిన్‌లోకి మార్చినా అది అమ్మకమే. రూపాయి చేతికి రాలేదు కదా అంటే కుదరదు.

రెండోది, ఏమీ అమ్మకుండా మీ నెల 5 వేలూ బిట్‌కాయిన్, ఇథీరియంలోకే పంపడం. పన్ను సున్నా. కానీ ధరలన్నీ ఇలాగే ఉన్నాయనుకున్నా, సొలానా 10 శాతానికి దిగాలంటే మొత్తం 4,20,000 కావాలి. అంటే ఇంకా 1,80,000, మూడేళ్లు. అంత ఓపిక పట్టే లోపు సొలానా మళ్లీ 10 డాలర్ల కిందికి వెళ్లినా వెళ్లొచ్చు. మీరు కచ్చితంగా 10 అనే పట్టుదల వదిలి, '15 దాటకుండా చూస్తాను' అనుకుంటే మాత్రం ఎనిమిది నెలల్లో అక్కడికి చేరతారు.

మూడోది ఈ రెండింటి మధ్యది. 15 గీత వరకే కోయడం. 6 వేలు అమ్మితే సొలానా 36 వేలకి దిగుతుంది, సరిగ్గా 15 శాతం. లాభం 3 వేలు, పన్ను 936. ఆ తర్వాతి పని నెల డబ్బు చూసుకుంటుంది. మీ జీతానికీ, మీ రాత్రి నిద్రకీ ఇది సరిపోతుందని నాకనిపిస్తోంది. అయితే సొలానా పడిపోతే మీకు నిజంగా భయం వేసేలా ఉంటే మొదటి దారే మేలు. 2,808 అనేది నిశ్చింతకు కట్టిన ధర అనుకోండి.

నెలనెలా సరిచేయడం మీరు మానేయడం మంచిదే అయింది. ఒక వారంలో పదిశాతం లేచి మరో వారంలో దిగిపోయే సరుకు ఇది. నెలకోసారి కోస్తే చిన్నచిన్న లాభాలకు పన్ను కడుతూ పోతారు. మీ ఫ్యాక్టరీలో జీడిపిక్కల స్టాక్ తూకం రోజూ వేయరు కదా. ఏడాదికి రెండుసార్లు చాలు: ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబరు మొదటి ఆదివారం. క్రిప్టోకి ఆదివారం సెలవు లేదు, మీకుంది. ఉగాదికి పెట్టుకోండి అని చెప్పేదాన్నే, కానీ అది మార్చి 31కి అటూ ఇటూ తిరుగుతుంటుంది. మార్చి 30న అమ్మితే ఈ ఏడాది పన్ను, ఏప్రిల్ 3న అమ్మితే పై ఏడాది పన్ను. ఏప్రిల్‌లో అమ్మితే డబ్బు కూడబెట్టుకోవడానికి టైముంటుంది. ఏడాది మొత్తానికి టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను 10 వేలకి చేరితే మాత్రం జూన్ 15 నుంచే ముందస్తు పన్ను వాయిదాలు మొదలవుతాయి, అది చూసుకోండి. అక్టోబరుది మీకు గుర్తుండటం తేలిక. విజయనగరం సిరిమానుకి అటూ ఇటూగా వస్తుంది, ఎలాగూ బావ ఇంటికి వెళ్తారు.

ఆ రెండు ఆదివారాల్లోనూ వాటా గీత దాటితేనే చేతులు పెట్టండి. బిట్‌కాయిన్ 50 నుంచి 70 మధ్య, ఇథీరియం 22 నుంచి 38 మధ్య, సొలానా 5 నుంచి 15 మధ్య ఉంటే ఫోన్ మూసేసి భోజనానికి వెళ్లొచ్చు.

ఇక ఆ 80 వేలు. ఇక్కడ నేను 'మానేయండి' అని శాసించను, ఎందుకంటే మానేసిన మూడో నెలలోనే ఒక పెద్ద ర్యాలీ వస్తే మీరు నన్నూ బావనీ ఇద్దరినీ తిడతారు. పూర్తిగా మానేసి దాన్ని పెద్ద కుప్పలో కలిపేస్తే మీకు రాత్రులు మిగులుతాయి, లెక్కలు తేలికవుతాయి. ఉంచుకుంటే మాత్రం 25 వేలకి తగ్గించి, నియమం ఒకే ఒక వాక్యంలో కాగితం మీద రాసి, వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి ముగింపు ధర చూసి మాత్రమే నిర్ణయం తీసుకోండి. పదిహేను నిమిషాల చార్టులో సిగ్నల్స్ రోజుకి నాలుగు వస్తాయి, వారం చార్టులో ఏడాదికి రెండో మూడో. పన్ను కట్టేది సిగ్నల్ లెక్కన కాబట్టి ఆ తేడా చాలా పెద్దది. నష్టపోయిన ట్రేడుల మొత్తం 6 వేలు దాటిన రోజున ఆపేయాలి, ఆ అంకె కూడా ఇప్పుడే రాయండి. వీలైతే ఈ కుప్పని వేరే ఖాతాలో ఉంచండి. ఒకే చోట ఉంటే, ముందు కొన్నవే ముందు అమ్మినట్టు లెక్క వేసినప్పుడు సిగ్నల్ మీద అమ్మింది మీ పాత చవక కాయిన్ అయిపోతుంది, లాభం పెద్దదై కూర్చుంటుంది.

చార్టు చూడటం మీకు సరదా అయితే, అమ్మకాల జోలికి పోకుండా దాన్ని వాడుకునే చోటు ఒకటుంది. ఈ నెల 5 వేలు ఎందులో వేయాలి అన్నది మాత్రం సిగ్నల్‌కి వదలండి. తప్పైనా పన్ను పడదు, ఫీజు ఒక్కసారే. 2,40,000లో ఒక్క కాయిన్ కూడా సిగ్నల్ మీద కదపొద్దు. బావ 'ఈ ఒక్కసారికి' అన్నా సరే.

బావతో గొడవ పెట్టుకోకుండా ఒకటే అడగండి: పోయిన ఏడాది తన లాభాల మొత్తమెంత, నష్టాల మొత్తమెంత, విడివిడిగా. ఆ రెండు అంకెలు చెప్పగలిగితే 145 లెక్క ఆయనకే తెలుస్తుంది. ఇంకొక మాట మీ ఇద్దరికీ. మామూలు జీతగాళ్లు వేసే ఐటీఆర్-1లో క్రిప్టో చూపించడానికి చోటు లేదు. ఐటీఆర్-2 తీసుకుని, అందులో క్రిప్టో కోసం ఉన్న షెడ్యూల్ వీడీఏలో ప్రతి అమ్మకం తేదీ, కొన్న ధర, అమ్మిన ధర నింపాలి. మీ 8,800 టీడీఎస్ తిరిగి మీ లెక్కలోకి వచ్చేది ఆ రిటర్న్‌తోనే. బావ ఇన్నాళ్లూ ఐటీఆర్-1 వేసి ఊరుకుని ఉంటే, టీడీఎస్ కోసిన ప్రతి అమ్మకం ఆయన పాన్ మీద ఆదాయపు పన్ను శాఖకి కనిపిస్తూనే ఉందని చెప్పి, ఈ ఆదివారం చార్టు బదులు ఆ కాగితాలు పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్లమనండి.